ముడి తువ్వాలలు

మెట్‌పల్లి చేనేత సంఘంలో పర్శరాములు కట్టిన తువ్వాలల బేలు విప్పి లెక్క తక్కువైందని అన్నవాడు లేడు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారే ఆయన బతుకును మింగింది.

ఆయన లెక్కపెట్టే తీరు ముందు చెప్పాలి. అక్షరం ముక్క రాని మనిషి. తువ్వాలలను ఇరవై లెక్కన పెట్టేవాడు. మొదటిదాన్ని ఒకటి అనడు, ధాన్యం కొలిచేవాళ్లలాగా "లాభం" అంటాడు. పందొమ్మిది బేలులో పడతాయి. ఇరవయ్యోదానికి కొసన ముడి వేసి పక్కన బల్ల మీద పెడతాడు. చివర ముళ్లు లెక్కపెడితే ఎన్ని ఇరవైలు అయ్యాయో తెలిసిపోతుంది. అప్పుడు ముళ్లు విప్పి, వాటినీ బేలులో వేసి, గోనెకు కుట్టు వేస్తాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఇంటికి పోయాక చేతులు కడుక్కుని, భార్య బాలలక్ష్మి మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేవాడు. ఆ మగ్గం సంఘం ఇచ్చింది. మూడు పూటలా కాకున్నా రెండు పూటలు తిండి పెట్టేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు ఎండాకాలంలో నిర్మల్ బట్టల వ్యాపారి కైలాసం సేటు నాలుగు వందల తువ్వాలలు అడిగాడు. రెండు బేళ్లు. పర్శరాములు లెక్క పూర్తి చేసి, బల్ల మీద ఇరవై ముళ్లు పేర్చి, విప్పబోతుండగా సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం పరుగెత్తుకొచ్చాడు.

"జీపు వచ్చింది, ఆఫీసర్లు దిగుతుండ్రు! పోయి కల్లు ముంతలు దాచిపెట్టు, కుర్చీలు తే, జల్ది!"

అధ్యక్షుడు చెప్తే ఆగేదుందా? పర్శరాములు పోయాడు. తిరిగొచ్చేసరికి ముళ్లు తీసేసిన బల్ల మీద ఆఫీసర్లు కూర్చుని చాయ్ తాగుతున్నారు. బేళ్లకు కుట్టు పడి, లారీ ఎక్కి ఉన్నాయి. లారీవాడు హారను కొడుతున్నాడు.

"ముడి తువ్వాలలు ఏసిండ్రా, పెద్దయ్యా?" అని పర్శరాములు లక్ష్మీరాజం చెవిలో అడిగాడు.

"ఆ ఆ, ఏసినం. నువ్వు పక్కకు జరుగు."

నమ్మాడు. కుట్టు విప్పి చూస్తానంటే లారీ ఆగేది కాదు, ఆఫీసర్ల ముందు అధ్యక్షుడి మాట తీసేసినట్టయ్యేది. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

నిర్మల్‌లో కైలాసం సేటు పద్ధతి గల మనిషి. లారీ దగ్గరే ఒక బేలు విప్పి లెక్కపెట్టించాడు. రెండు వందలకు నూట తొంభై ఉన్నాయి. లారీ రసీదు మీద "పది తక్కువ" అని రాయించి, డ్రైవరుతో వేలిముద్ర వేయించాడు. రెండో బేలు ముట్టకుండా పక్కన పెట్టి, మీ మనిషి వచ్చి ఎదురుగా విప్పాలని సంఘానికి కార్డు రాశాడు. లక్ష్మీరాజం పర్శరాములును వెంటబెట్టుకుని గోదావరి దాటి పోయాడు.

కుట్టు చెదరలేదు, గోనె చిరగలేదు. అంటే దారిలో లారీవాడు తీయలేదు. అందరి ముందు విప్పారు. మళ్లీ నూట తొంభై. ఇరవై లెక్కన పేర్చిన ఏ దొంతి తీసినా పందొమ్మిదే. పర్శరాములు మొహం వెలిగిపోయింది.

"సేటూ, దొరికింది! నా ముళ్లు! ముడి తువ్వాలలు బేలుల పడలే. అవి మా గోదాంలనే ఉన్నయి."

కైలాసం నవ్వాడు. "మరి ఇంకేంది? నాకు ఇరవై తక్కువైతే మీకు ఇరవై ఎక్కువ కావాలె. గోదాం లెక్కపెట్టుండ్రి. దొరికితే తువ్వాలలు పంపుండ్రి, లేకుంటే బిల్లుల కోత రాసిస్తే చాలు. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

అంత తేలిక. ఒక పూట గోదాం తలుపు తీస్తే ముగిసే గొడవ. కానీ లక్ష్మీరాజం ఆ తలుపు తీయలేడు. సంఘం నూలును బయట ఎక్కువ ధరకు అమ్ముకున్నాడు. గోదాం లెక్కపెడితే తువ్వాలలు ఎక్కువ తేలడం ఒక్కటే కాదు, నూలు తక్కువ తేలుతుంది. అక్కడికక్కడే సేటుకు ఇరవై తువ్వాలల కోత చీటీ రాసిచ్చాడు. సేటు పీడ వదిలింది. తిరుగుదారిలో బస్సులో పర్శరాములు వైపు చూడలేదు.

మర్నాడు సంఘం సభ పెట్టాడు. "గోదాం నేనే సొంతంగ సూసిన. ముళ్లు లెవ్వు, తువ్వాలలు లెవ్వు. కుట్టు సక్కగుంది, లారీవాడు తియ్యలే. ఇగ మిగిలింది ఎవరు?" అన్నాడు.

"తలుపు తీసి అందరికీ సూపెట్టుండ్రి," అని బతిమాలాడు పర్శరాములు. "లేకుంటే మన కులదేవుడు మార్కండేయుని పటం ముందల ప్రమాణం చేస్త."

"దొంగ ప్రమాణం చేస్తే ఆ పాపం కులానికంతటికీ తగుల్తది. వద్దు," అన్నాడు లక్ష్మీరాజం. ప్రమాణం కూడా చేయనివ్వలేదు చూడండి! సభలో అరవై మంది నేతగాళ్లు. ఆయన కట్టే తీరు తెలియనివాడు ఒక్కడూ లేడు. కానీ అందరి మగ్గాలూ సంఘానివే, నూలు పంచేది అధ్యక్షుడే. తలలు వంచుకున్నారు.

మగ్గం వెనక్కి తీసుకోవాలని తీర్మానించారు. మనుషులు వచ్చేసరికి బాలలక్ష్మి నేస్తూ ఉంది. సగం నేసిన చీర. "ఈ ఒక్కటి దిగనియ్యండ్రి, అన్నా," అంది. పడుగు కోసి తీసుకుపోయారు. ఆమె ఆ తెగిన దారాలను చీపురుతో ఊడ్చి, "నువ్వు లెక్క మంచిగనే పెట్టినవు. గంతే మన ఖర్మ," అంది. తర్వాత నుంచి బీడీలు చుట్టింది. దొంగ పెండ్లామని సంఘం బావిలో నీళ్లు తోడుకోనిచ్చేవాళ్లు కాదు.

పర్శరాములు మళ్లీ నిర్మల్ పోయి కైలాసం సేటు ముందు నిలబడ్డాడు. గోదాం లెక్కపెట్టుమని సంఘానికి ఒక కార్డు రాయుమన్నాడు. సేటు చాయ్ తాగించాడు. "నాకు కోత వచ్చింది పర్శరాములూ. నా గొడవ తీరింది. ఇగ మీ ఇంటి గొడవ," అన్నాడు. మంచి మనుషుల మంచితనం ఎంతవరకో అప్పుడు తెలిసింది ఆయనకు. వేరే పని దొరక్క, ఏ సంఘం దొంగ అందో ఆ సంఘం వాకిలే ఊడ్చాడు.

మరుసటి ఏడు మార్కండేయ జయంతికి ఊరి పెద్దలకూ, ఆఫీసర్లకూ సన్మానం. శాలువాలు కొనాలంటే లక్ష్మీరాజానికి చేతులు రావు. గోదాంలోకి పోయి ఒక తువ్వాలల కట్ట పట్టుకొచ్చి పర్శరాములు చేతిలోని పళ్లెంలో పడేశాడు. లక్ష్మీరాజం అవేవో మరిచిపోయాడని ఆయన తరఫువాళ్లు ఇప్పటికీ అంటారు. నేను నమ్మను.

ప్రతి తువ్వాల కొసనా ముడి ఉంది.

పర్శరాములు పళ్లెం వైపు చూశాడు. ముందు వరుసలోని నేతగాళ్లు చూశారు. వాకిట్లో ఆడవాళ్ల మధ్య బాలలక్ష్మి చూసింది. ఒక్కడు లేచి అడుగుతాడేమో అని ఆయన ఎదురుచూశాడు. అందరూ వేదిక మీది పూలదండల వైపు తల తిప్పుకున్నారు.

"ఏం సూస్తున్నవ్? ముళ్లు ఇప్పు," అన్నాడు లక్ష్మీరాజం మెల్లగా. "పెద్దమనుషులకు ముడి తువ్వాల కప్పుతరా?"

ఆయన కింద కూర్చుని విప్పాడు. ఏడాది పాటు బిగుసుకున్న ముళ్లు. గోళ్లతో రానివి పళ్లతో లాగాడు. అలవాటు కొద్దీ, లాభం, రెండు, మూడు అంటూ ఇరవై దాకా విప్పాడు. పెద్దలు పందొమ్మిది మందే వచ్చారు. మిగిలిన ఒక్కదాన్ని లక్ష్మీరాజం అందరికీ వినబడేలా నవ్వుతూ ఆయన భుజం మీద వేశాడు.

"తీస్కోరా. మనసులేం పెట్టుకోకు."

పర్శరాములు ఆ తువ్వాలను నాలుగు మడతలు పెట్టాడు. గోదాం గడప దాకా పోయి లోపల పెట్టొచ్చాడు.

"ఇయ్యాల మల్ల ఒకటి తక్కువైతే, పెద్దయ్యా," అన్నాడు, "ఇయ్యడానికి మా ఇంట్ల ఇంకో మగ్గం లేదు."