ఐదు దాటనియ్యకు

మా అన్న కోయంబత్తూరు పక్క సూలూరు దగ్గర ఒక స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మూడు షిఫ్టుల ఉద్యోగం. నాలుగేళ్ళ కిందట మిల్లువాళ్ళు పిలిచి, సూపర్‌వైజర్‌గా ఉండమన్నారు. నెలకు పదివేలు ఎక్కువ, పైగా పగటి పని మాత్రమే. మా వదినకు అప్పటికే గుండె జబ్బు. అన్న రాత్రి షిఫ్టుకు పోయిన వారాల్లో ఒక్కతే పడుకోవడానికి భయపడేది. ఈ ఉద్యోగంతో ఆ బాధ తీరిపోతుందని ఎంతో ఆశపడింది. అన్న మాత్రం వద్దనేశాడు. ఆ తర్వాత ఏడాదిన్నరకు, ఆయన రాత్రి షిఫ్టులో ఉండగా, వదిన పోయింది. పక్కింటివాళ్ళు ఆటోలో తీసుకెళ్ళారు కానీ ఆస్పత్రి చేరేదాకా ప్రాణం ఆగలేదు.

ఎందుకు వద్దన్నాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతేనేం, చుట్టాలం మేమున్నాం కదా, తలా ఒక కారణం అల్లుకున్నాం. సూపర్‌వైజరంటే రోజూ ఇంగ్లీషులో రిజిస్టరు రాయాలి, అన్న ఎనిమిదో తరగతితో ఆపినవాడు, అందుకే జంకాడని అందరి తీర్పు. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి, "వైరు పట్టుకోను భయం లేదు, పెన్ను పట్టుకోనే భయం" అని నలుగురిలో ఎగతాళి చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నా నోటికి చిన్నప్పటి నుంచీ తాళం లేదు.

నా పని ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేయడం. బస్టాండు పక్కన మందుల షాపు మీద ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. మిల్లువాళ్ళు, టీచర్లు, బ్యాంకు క్లర్కులు వస్తారు. కామర్స్ అంతా తమిళంలోనూ ఇంగ్లీషులోనూ చదివాను. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. తరాల కిందట తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళం, మా ఇళ్ళలో పన్నును పన్ను అనరు, తమిళంలో లాగా వరి అంటారు. మొదట్లో ఆంధ్రా నుంచి వచ్చిన ఒక బ్యాంకాయనతో "మీకు వరి ఎక్కువ పడింది సార్" అంటే, ఆయన తనకు పొలమే లేదన్నాడు.

ఇక్కడ కరెంటు బిల్లు గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు పొరపాటు అక్కడ పుట్టింది. మా తమిళనాట ఇంటి కరెంటుకు రెండు నెలలకొకసారి బిల్లు. ఐదు వందల యూనిట్ల స్లాబు లోపల ఉంటే ఒక ధర. ఐదు వందల ఒకటైందా, ఆ ఒక్క యూనిట్‌తో పోదు, కింద వాడుకున్న యూనిట్లలో కొన్నింటికి కూడా ధర మారిపోతుంది. అందుకే రీడింగు తీసేవాడు వచ్చే వారం ప్రతి ఇంట్లోనూ యుద్ధమే. అన్న టార్చిలైటు వేసుకుని మీటరు చూసి వచ్చి, "నాలుగు వందల ఎనభై అయినాది, ఇస్తిరిపెట్టె ముట్టుకోవద్దు, మిక్సీ వద్దు" అని ఆజ్ఞ జారీ చేసేవాడు. వదిన రోట్లో రుబ్బేది. "స్లాబు దాటితే మొత్తం పోయె" అన్నది మా ఇంటి వేదవాక్యం.

ఇక నా వంతు. ఆరేడేళ్ళ కిందట ఒక జనవరిలో అన్న తన జీతం కాగితాలు తెచ్చాడు. తగ్గింపులన్నీ పోగా ఆ ఏడాదికి పన్ను లెక్కకొచ్చే ఆదాయం నాలుగు లక్షల తొంభై ఆరు వేలు తేలుతోంది. ఐదు లక్షల వరకు రిబేటు ఉంది, అంటే కట్టాల్సింది సున్నా. ఐదు దాటితే రిబేటు మొత్తం ఎగిరిపోతుంది. అప్పుడు రెండున్నర నుంచి ఐదు లక్షల వరకు ఐదు శాతం చొప్పున పన్నెండువేల ఐదువందలు మీద పడుతుంది, పైదానికి ఇరవై శాతం, దాని మీద సెస్సు. ఆ మూడు నెలలూ ఓవర్‌టైము చేసి ఇరవై వేలు సంపాదించనా అని అన్న అడిగాడు. లెక్క వేశాను. ఇరవై వేల పనికి పదహారువేల మూడువందల పైచిలుకు పన్ను. చేతికి మిగిలేది మూడువేల ఆరువందల చిల్లర.

"ఒద్దన్నా, ఐదు దాటనియ్యకు" అన్నాను.

ఆ మాట ఆ ఏడాదికి అక్షరాలా నిజం. ఇప్పటికీ దాన్ని తప్పనను. కానీ వెనక జనం వేచి ఉన్నారు, అది ఎందుకు నిజమో చెప్పలేదు. ఐదు లక్షల అవతల ఉన్న ఆ నష్టపు గుంట వెడల్పు పదహారువేల నాలుగువందలేనని, దాన్ని దాటి అవతల పడినవాడికి నష్టం లేదని చెప్పలేదు. ఆ తర్వాత ఏటా జనవరి రాగానే అన్న ఓవర్‌టైము మానేశాడు. ఏటా ఐదు లక్షల లోపలే, నాలుగు తొంభై, నాలుగు తొంభై మూడు. రిటర్ను వేసేది నేనే. అంకెలన్నీ అంత బుద్ధిగా గీత లోపల ఎందుకు ఆగుతున్నాయో నాకు తోచలేదు. పైగా అన్నకు పన్ను లేదని సంతోషించాను.

పోయిన జూలైలో, రిటైరయిన మూడు నెలలకు, చివరి ఏడాది కాగితాలతో వచ్చాడు. వదిన పోయాక బాగా చిక్కాడు. కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగి, మిల్లువాళ్ళు కొత్త పిల్లలకు పని నేర్పడానికి మళ్ళీ రమ్మంటున్నారని చెప్పాడు.

"నెలకు నలభై ఐదు వేలు ఇస్తామంటా ఉండారు అమ్మిణీ. ఎంత అడిగితే స్లాబు తగలదు? ఆ కణక్కు నువ్వు చెప్పు, అంతే తీసుకొంటా."

కణక్కంటే లెక్క. కోయంబత్తూరు పక్క ఆడపిల్లను ముద్దుగా అమ్మిణీ అంటారు. నాకు యాభై రెండేళ్ళు, ఆయనకు ఇంకా అమ్మిణీనే.

నాకు నవ్వొచ్చింది. "ఏమన్నా నువ్వు, ఇప్పుడు కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల దాకా కట్టేదే లేదు. ఇచ్చినంతా తీసుకో."

"ఇప్పుడు సరి. అప్పుడు ఉండింది కదా. అందుకేదా నేను సూపర్‌వైజరు ఒద్దన్నా."

అప్పుడైనా ఆగి, ఆయన ముఖం చూడాల్సింది. నేను చూసింది ఆయన తప్పు లెక్కను. తప్పు లెక్క కనబడితే నేను మనిషిని కాను.

"ఎట్లా ఒద్దన్నావు? కణక్కు చెప్పు."

ఆయన నోటితోనే చెప్పాడు, నాలుగేళ్ళుగా మనసులో అరిగిపోయిన లెక్క. "నాలుగు లక్షల తొంభై వేలు నాది. ఏడాదికి లక్షా ఇరవై వేలు ఎక్కువ ఇస్తారు. ఆరు లక్షల పదివేలు ఆయె. ఐదు దాటితే ఇరవై పర్సెంటు వరి. ఆరు లక్షల పదివేలకు ఇరవై పర్సెంటు, లక్షా ఇరవై రెండు వేలు. వొచ్చేది లక్షా ఇరవై, పోయేది లక్షా ఇరవై రెండు. సూపర్‌వైజరయి రెండు వేలు నేను కట్టల్లా?"

"అయ్యో అన్నా! మొత్తానికి ఇరవై ఎవరు వేస్తారు?" అని తెల్లకాగితం లాగాను. ఎంత ఉత్సాహంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మెట్లు గీశాను. మొదటి రెండున్నర లక్షలకు ఏమీ లేదు. తర్వాతి రెండున్నర లక్షలకు ఐదు శాతం, పన్నెండువేల ఐదువందలు. ఐదు దాటిన లక్షా పదివేలకు మాత్రమే ఇరవై శాతం, ఇరవై రెండు వేలు. కలిపితే ముప్పైనాలుగువేల ఐదువందలు, సెస్సు పదమూడువందల ఎనభై. మొత్తం ముప్పైఐదువేల ఎనిమిదివందల ఎనభై.

"చూడన్నా, ఇరవై శాతమన్నది పైమెట్టు మీద ఉన్న రూపాయికే. కింది రూపాయలకు వాటి ధర వాటిదే, మారదు. మొత్తం ఆదాయం మీద సరాసరి చూస్తే వందకు ఆరు రూపాయలు కూడా లేదు. రిబేటు పోయినా సరే, నీకు ఎక్కువ వచ్చే లక్షా ఇరవైలో ఎనభైనాలుగువేల చిల్లర చేతిలో మిగిలుండేది. నెలకు ఏడు వేలు!"

పెన్ను కిందపెట్టి ఆయన వైపు చూశాను, గెలిచినదాన్నై.

అన్న కాగితం దగ్గరికి లాక్కుని ఒక్కొక్క మెట్టూ వేలితో ముట్టుకుంటూ పోయాడు. లెక్క పట్టుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. ఎనిమిదో తరగతి అని ఎగతాళి చేశాం గాని, మిల్లులో మోటార్ల లోడు లెక్కలన్నీ చేసినది ఆయనే.

"అవ్వళవుదానా?" అన్నాడు తమిళంలో. అంతేనా అని.

"అంతేనన్నా."

"నేను కరెంటు బిల్లు మాదిరి అనుకొంటి. దాటితే కిందదానికీ వేస్తారని." పైమెట్టు మీద వేలు పెట్టి అన్నాడు, "ముప్పైఐదు వేలు కట్టింటే, పగలు డ్యూటీ."

అప్పుడు తగిలింది నాకు. ఏం చెప్పాను, ఎవరికి చెప్పాను! ఆ మెట్లన్నీ ఆయనకు తెలియకుండా ఉంటేనే బాగుండేది. ఇంగ్లీషుకు భయపడిన పిరికివాడిగానే అన్నను మిగలనిచ్చి ఉంటే సరిపోయేది. నేను లెక్క దిద్దాను, ఆయనకు వదినను రెండోసారి పోగొట్టాను.

"నాదే తప్పన్నా" అన్నాను. "ఐదు దాటనియ్యకని ఆ రోజు నేనే చెప్పినా. ఎందుకో చెప్పలే."

"నువ్వు ఆ ఏటికి చెప్పినావు. నేను అన్ని ఏళ్ళకీ పట్టుకొంటి." ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు సులువయ్యేది.

వదిన ఏమనేదని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. ఆ ఉద్యోగం కోసం ఎంత పోరి ఉంటుందో, ఆయనను ఎన్ని మాటలని ఉంటుందో, అవి వింటే నా మీద పడాల్సిన భారం కాస్త పంచుకున్నట్టు ఉంటుందనుకున్నానేమో.

అన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "రెండు దినాలు ఏడ్చినాది, తీసుకోమని. మూడో దినం చెప్తి, అమ్మిణీ చెప్పినాది, ఐదు దాటితే నష్టమని. అప్పుడు కళ్ళు తుడుచుకొని, అమ్మిణీ చెప్తే సరిగా ఉంటాది, నైట్‌కే పొండి అనె. మళ్ళా ఆ మాటే ఎత్తలే."