బాపు హాస్టల్ చూడటానికి వచ్చిన రోజు

మా బాపు డోర్నకల్‌లో రైల్వే గార్డు. మొదటి ఏడాది నన్ను వరంగల్‌లో కాలేజీ హాస్టల్లో ఉంచాలా, బయట రూములోనా, రోజూ ప్యాసింజర్లో తిప్పాలా అని తేల్చడానికి నాతో వచ్చాడు. హాస్టల్ వాకిట్లో రెండు విద్యార్థి వర్గాలు సైకిల్ చైన్లతో అభిప్రాయాలు మార్చుకుంటున్నాయి. బాపు అలవాటుకొద్దీ విజిల్ ఊదాడు. మఫ్టీ పోలీసనుకుని రెండు వర్గాలూ ఆయన మీద పడ్డాయి. తల పగిలాక సంగతి తెలిసి, కొట్టినవాళ్లే దవాఖానకు మోసుకెళ్లారు.

కుట్లు పడుతుంటే నేను, "రూమే నయం బాపూ," అన్నాను.

"రూముల ఒక్కనివే ఉంటవు. తల పల్గితే ఎవడు మోస్తడు?"

"మరి రోజూ రైలుకొస్త."

"రానుపోను నాలుగు గంటలు బండ్లనే పాయె. సదువుడెప్పుడురా? ఈళ్లు కొట్టినా మోసుకొచ్చిండ్రు గద. హాస్టల్ ఫారం ఇటియ్యి."