రైతులు తిడతారని రాసిన ప్రకటన

తోటల్లో బంగినపల్లి కాయ కోతకు వస్తోంది. మా షెడ్డులో మాత్రం కాయను గ్రేడు చేసే మనిషి లేడు.

నూజివీడు శివారున రేకుల షెడ్డు మాది. నేనూ మా కోడలూ కలిసి నడుపుతున్నాం. రైతులు తెచ్చిన కాయను ఒకటో రకం, రెండో రకంగా వేరు చేసి కొని, ట్రేలలో సర్ది హైదరాబాద్‌లోని ఒక వ్యాపారికి పంపుతాం. కిందటి సీజన్‌లో ఒకటో రకం ట్రేల అడుగున మచ్చ కాయ కనబడిందని ఆయన లోడు వెనక్కి పంపాడు. "ఈసారి మొదటి లోడే అలా వస్తే ఇక మీ కాయ నాకొద్దండీ" అని ఫోన్లో తెగేసి చెప్పాడు. ఆయన మానేస్తే షెడ్డు మూసుకోవడమే.

కోడలు ప్రకటన రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. 'ప్రముఖ మామిడి సంస్థలో సూపర్‌వైజర్ కావలెను. డిగ్రీ తప్పనిసరి. ఆకర్షణీయమైన జీతం. స్థానికులకు ప్రాధాన్యం.'

ఫోన్లు బాగానే వచ్చాయి. ఇస్త్రీ చొక్కాలతో వచ్చినవాళ్లు "ఆఫీసు ఎక్కడండీ?" అని అడిగి, షెడ్డు చూసి వెళ్లిపోయారు. ఒకతను మాత్రం పనికి దిగాడు. తొడిమ దగ్గర కారే సొన తగిలి చేయి మండింది. మధ్యాహ్నం అన్నానికని వెళ్లి మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం ఫోన్ తీసుకుని ప్రకటన చదివాను. యాభై దాటాక నేర్చుకున్న చదువు కదా, ఒక్కో మాట దగ్గర ఆగుతాను.

"ప్రముఖ సంస్థ ఎవరిదే? పక్కనున్న బాపులపాడులో అడిగితే మన పేరు చెప్పేవాళ్లున్నారా?"

"అందరూ అలాగే రాస్తారత్తయ్యా. ఉన్నదున్నట్టు రాస్తే కాకి కూడా వాలదు."

"వాలినవాళ్లు అన్నం దాకా కూడా ఉండట్లేదుగా."

"పెళ్లిచూపుల్లో మీ అబ్బాయి గురించి మీరు చెప్పిందంతా ఉన్నదేనా?" అంది. నవ్వొచ్చింది కానీ ఇద్దరం నవ్వలేకపోయాం. వారంలో కాయ దిగుతుంది.

తిరగరాయడానికి కూర్చున్నాం. డిగ్రీ కొట్టేశాం. కాయను చూసే కన్ను ఉండి, బరువు, లెక్క రాయగలిగితే చాలు. సూపర్‌వైజర్ తీసేసి గ్రేడింగ్ మనిషి అని పెట్టాం. జీతం ఎంతో అంకె వేశాం. 'పని సీజన్ మూడు నెలలే. పొద్దున ఆరుకి మొదలు. లారీ కదిలేదాకా ఉండాలి. నిలబడి చేసే పని. సొన తగులుతుంది, గ్లౌజులిస్తాం. ఆడవాళ్లకు వేరే బాత్రూమ్ ఉంది. ఒకరోజు చేసి చూడండి, నచ్చకపోయినా ఆ రోజు కూలి ఇస్తాం.'

'స్థానికులకు ప్రాధాన్యం' దగ్గర కోడలే ఆగిపోయింది. మా వైపు రైతు కాయ దింపేసి వెళ్లడు. ఆఖరి కాయ దాకా బల్ల పక్కనే నిలబడతాడు. కిందటేడు గ్రేడు చేసినతను మా ఊరివాడే. వచ్చిన ప్రతి రైతూ అతనికి బాబాయో బావో. మొహం మీద రెండో రకం అనలేక మచ్చ కాయను అడుగుకు తోసేవాడు. ఆ మాట తీసేసి కోడలు ఇలా రాసింది. 'రైతులు ఎదురుగా నిలబడి కోప్పడతారు, తిడతారు కూడా. మీరు చెప్పిన గ్రేడును మేం మార్చం.'

"చివరి మాట మీద నిలబడగలరా అత్తయ్యా?" అని నా వంక చూసింది. పెట్టమన్నాను.

ఫోన్ మోగలేదు. మర్నాడూ మోగలేదు. "పాతదే మళ్లీ పెట్టనా?" అని కోడలు రెండుసార్లు అడిగింది. మూడోనాడు విస్సన్నపేట వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. జామకాయల ప్యాకింగ్‌లో పనిచేసిందట. జీతం గురించి అడగలేదు. "గ్రేడు మార్చం అని రాశారు. మీ చుట్టాలొచ్చినా అంతేనాండీ?" అంది.

"అంతేనమ్మా" అన్నాను. మర్నాడే పనిలోకి వచ్చింది.

మొదటి లోడు రోజున మా తమ్ముడు ఆగిరిపల్లి తోట నుంచి కాయ తెచ్చాడు. ఆవిడ బల్ల మీద పోసుకుని మచ్చ ఉన్నదల్లా పక్కకు పెట్టింది. సగానికి సగం రెండో రకంలోకి పోయింది.

"ఎవరి కాయనుకున్నావమ్మా నువ్వు?" అని వాడు గొంతు పెంచాడు. ఆవిడ చేయి ఆపి నా వైపు చూసింది. కోడలు కూడా చూసింది. బయట లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు.

"అక్కా, నువ్వైనా చెప్పవే!"

"ఆవిడ చెప్పిందే రా" అన్నాను.

"మనిషిని పెట్టుకుని మరీ తమ్ముణ్ణి తిరగ్గొడతావా?" అని రెండో రకం ట్రేలు తన ఆటోలోకి తనే ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆవిడ తర్వాతి రైతు కాయ బల్ల మీద పోసుకుంది.

లారీ వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం దాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. అప్పుడు వ్యాపారి ఫోన్ చేసి రెండో లోడు ఎప్పుడని అడిగాడు. తమ్ముడు మాత్రం ఆ సీజనంతా కాయను వేరేచోటికి తోలాడు.