వంటగట్టు మీద మూడు దీపాలు

బెజవాడలో మేము కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు నాకు పదిహేడేళ్ళు. యుద్ధం అయిపోయిన కొత్త. నాన్న కాలవల శాఖలో ఓవర్సీరు. ఎవరో దొరగారి బంగళాలో నిలబడి వండుకునే వంటగది చూసొచ్చారు. అప్పట్నించి ఆయనకు కింద కూర్చుని వండే ఆడవాళ్ళంటే చిన్నచూపు పట్టుకుంది. ఆయన ఒక్కరోజు కూడా వండలేదనుకోండి, అది వేరే సంగతి.

అందుకని మా వంటింట్లో ఒక గోడ పొడుగునా నడుమెత్తు గట్టు కట్టించి, పైన నున్నగా పాలిష్ పెట్టిన నల్ల కడపరాయి పరిపించారు. గట్టుకు రెండడుగుల పైన గోడకు టేకు అలమార్లు బిగించారు. చూడవచ్చిన వాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. అందులో వండాల్సింది మాత్రం మా అత్తయ్య.

అత్తయ్య నాన్నకు అక్క. ఇరవై ఏళ్ళకే భర్త పోయాడు. అప్పట్నించి మా ఇంట్లోనే ఉంది. నాన్నను చదివించడానికి ఆవిడ తన గొలుసు అమ్మిందని మా నాయనమ్మ చెప్పేది. అత్తయ్య నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. తెల్లవారుజామునే స్నానం చేసి, తడిపి ఆరేసిన మడిబట్ట కట్టుకుని వంటింట్లోకి వెళితే, వంటయ్యేదాకా ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. ఆవిడ కూడా ఇంకెవరూ తాకిన వస్తువు ముట్టదు. నన్ను పెంచింది ఆవిడే. అమ్మ కంటే ఆవిడ దగ్గరే నాకు చనువెక్కువ.

కొత్త వంటింట్లోకి వెళ్ళిన వారం నుంచే అన్నంలో రాళ్ళు రావడం మొదలైంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దీపం గది నడిమధ్య కప్పుకు వేలాడుతోంది. అత్తయ్య గోడవైపు తిరిగి నిలబడుతుంది. ఆవిడ నీడ ఆవిడ చేట మీదే పడుతుంది. నీడ పడనిచోట అలమార్ల నీడ పడుతుంది. కిటికీ ఒకటే, అదీ కుంపట్ల వైపు. నాన్న ఆఫీసరొకాయన మా ఇంట్లో భోంచేస్తూ రాయి కొరికి, దవడ పట్టుకుని నవ్వినట్టు నటించాడు. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు.

మర్నాడే వైరుమేన్ని పిలిపించారు. నెరిసిన మీసాలు, చెవి వెనక పెన్సిలు. గడప బయట నిలబడే గట్టంతా చూశాడు. అత్తయ్య వంట ముగించి బయటికొచ్చాకే లోపలికెళ్ళి కొలతలు తీసుకున్నాడు.

"అయ్యగారూ, అలమార్ల కింద మూడు చిన్న బల్బులు పెడదామండి. పదిహేను వాట్లవి చాలు. మనిషికీ గట్టుకీ మధ్యలో ఉంటే ఇంక నీడ ఎక్కణ్ణించి వస్తదండి? అయితే బల్బులు అలమార ముందంచుకే బిగించాల. వాటి ముందు నాలుగు వేళ్ళ వెడల్పు చెక్క అడ్డం కొట్టాల. అప్పుడు ఎలుగు గట్టు మీదా గోడ మీదా పడద్ది గానీ కంట్లో కొట్టదు."

"ఆ టేకు ఎంత పెట్టి కొన్నానో తెలుసా? దాని ముందు చెక్క కొడతావా? వెనక గోడకి పెట్టు, కనపడకుండా ఉంటాయి" అన్నారు నాన్న.

"వెనక పెడితే కనపడతాయండి. ముందు పెడితేనే కనపడవు" అన్నాడు వైరుమేను.

నాన్న వినలేదు. ఇంజనీర్లకే లెక్కలు చెప్పే ఓవర్సీరు వైరుమేను మాట వింటాడా! మూడు పింగాణీ హోల్డర్లు వెనక గోడకే బిగించారు. స్విచ్చి మాత్రం వంటింట్లో వద్దని వైరుమేనే అన్నాడు. తడిచేత్తో, తడిబట్టతో ముట్టుకుంటే ప్రాణానికే ముప్పన్నాడు. పదిమంది తాకే స్విచ్చిని మడిలో తాకనని అత్తయ్యా అంది. అందుకని అది గడప ఇవతల, వసారాలో పెట్టారు. పొద్దున్నే లేచి ఆ స్విచ్చి వెయ్యడం నా పని. అత్తయ్య లోపలినుంచి "అమ్మడూ, దీపం!" అనేది, నేను వేసేదాన్ని.

మొదటిరోజు దీపాలు వెలగగానే అమ్మా నేనూ చప్పట్లు కొట్టాం. గట్టు మీద చీమ నడిచినా తెలుస్తోంది. "ఏం అక్కయ్యా, ఎలా ఉంది?" అన్నారు నాన్న. "పగల్లాగుందిరా అబ్బాయ్" అంది అత్తయ్య. ఆయన మొహం చూడాలి! అలమార అడుగు అరలో బెల్లం ఆ వేడికి మెత్తబడి కారితే, వైరుమేను మళ్ళీ వచ్చి బల్బులకూ అలమారకూ మధ్య ఆస్బెస్టాసు రేకు పెట్టి వెళ్ళాడు. అంతకుమించి ఇబ్బంది లేదనుకున్నాం.

అన్నంలో రాళ్ళు మాత్రం తగ్గలేదు. ఇంకా ఎక్కువయ్యాయి.

ఒక పొద్దున "అమ్మడూ, దీపం!" అనే కేక రాలేదు. గడప దగ్గరికెళ్ళి చూస్తే, అత్తయ్య చీకట్లోనే, కిటికీలోంచి వచ్చే కాస్త మసక వెలుతురులో, చేటను కళ్ళకు ఆనించుకుని బియ్యం ఏరుతోంది.

"దీపం వెయ్యనా అత్తయ్యా?"

"వద్దే తల్లీ. అది వేస్తే నాకేం కనపట్టంలా. ఎదురుగా మూడు, రాయిలో మూడు, ఆరు సూర్యుళ్ళు కళ్ళల్లో పొడుస్తన్నట్టుంటది. అంతా తెల్లగా పొగమంచు." చేట దించి మళ్ళీ అంది. "మీ నాన్నకి చెప్పబాకు. ముచ్చటపడి పెట్టించాడు. వాడొచ్చినప్పుడు వేస్తా ఉండు, ఎళ్ళాక తీసేస్తా ఉండు."

ఒట్టేశాను. నెలరోజులు అలాగే నడిపాను. నాన్న వసారాలోకి వస్తే దీపం, వెళితే చీకటి. మా ఇద్దరికీ అదొక ఆటలా ఉండేది. కానీ ఆ కంటి సంగతి నా మనసులో మెదులుతూనే ఉంది. వైరుమేను మీటరు చూడ్డానికి వచ్చినప్పుడు మెల్లిగా అడిగాను.

"పెద్దమ్మగారికి కంట్లో పువ్వు వస్తన్నట్టుందండి అమ్మాయిగారూ. మా అమ్మకీ ఇంతే. అట్టాంటోళ్ళకి ఎలుగు కావాల గానీ, ఎలుగు కంట్లో కొట్టకూడదు. ఎదర బల్బులు, కింద అద్దంలాంటి రాయి. ఎట్టా కనపడద్ది? బల్బులు ముందంచుకి మార్చి, చెక్క కొట్టి, రాయి మీద మెరుపు కాస్త అరగదీస్తే సరిపోద్దండి. ఒక్కపూట పని."

ఒక్కపూట పని! ఆ మాట విన్నాక ఇంక ఆగలేకపోయాను. సాయంత్రం నాన్న పడక్కుర్చీలో ఉండగా వెళ్ళి అంతా చెప్పేశాను. అత్తయ్యకు ఇచ్చిన ఒట్టు సంగతి కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు. నా తల నిమిరారు.

"మంచిపని చేశావమ్మా, నాతో చెప్పి. రేపే వైరుమేన్ని పిలుస్తా. అక్కయ్యని గుంటూరు కంటి డాక్టరు దగ్గిరికి కూడా తీసికెళ్తాను. నువ్వు చెప్పావని ఎవరికీ తెలీదులే."

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అంత తెలివితక్కువదాన్ని.

వైరుమేను రాలేదు. ఆదివారం గుడివాడ రైల్లో అత్తయ్య మరిది దిగాడు. ఇరవై ఏళ్ళలో మా గడప తొక్కని మనిషి. నాన్న ఆయన్ని కాఫీ తాగించి వంటింటి గడప దగ్గరికి తీసుకొచ్చారు. స్విచ్చి తానే వేశారు. మూడు దీపాలూ ఒక్కసారి వెలిగాయి. అత్తయ్య ఉలిక్కిపడి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అక్కయ్యా, చేటలో ఏముందో చెప్పు" అన్నారు నాన్న.

"కందిపప్పురా" అంది అత్తయ్య.

అది పెసరపప్పు. తడిమి ఉంటే వేళ్ళే చెప్పేవి. ఆవిడకు తడమాలని తోచలేదు. తమ్ముడు అడిగాడని గబుక్కున అనేసింది.

నాన్న మరిదివైపు తిరిగారు. "చూశారుగా బావగారూ. ఇంత దీపంలో కనపడటం లేదు. ఇంక పొయ్యి దగ్గిర ఎలా నిలబెట్టమంటారు? ఏదన్నా జరిగితే మాట నాకొస్తుంది. నెల్నించీ దాచుకుంటోంది, అమ్మాయే చెప్పింది నాకు."

అమ్మాయే చెప్పింది.

అత్తయ్య నావైపు తిరిగింది. ఆ వెలుతుర్లో నేనావిడకు కనిపించానో లేదో తెలియదు. "నాన్నా, దీపాలు మారిస్తే కనపడుతుందని వైరుమేను చెప్పాడు, మీకూ చెప్పాను కదా!" అని అరిచాను. "పెద్దవాళ్ళ మధ్య నీకేం పని?" అన్నారాయన. అమ్మ నా రెక్క పట్టుకుని వసారాలోకి లాక్కెళ్ళింది.

నా ఒట్టు సంగతి గానీ, చీకట్లో ఆవిడ పడిన తిప్పల సంగతి గానీ అత్తయ్య ఎత్తలేదు. "అవునురా, కనపట్టంలేదు" అని మాత్రం అంది. సోమవారం పొద్దున తన రెండు మడిబట్టలూ, రాగిచెంబూ మూట కట్టుకుంది. నేను కాళ్ళ మీద పడితే లేవదీసి, "నా బాగు కోరే చెప్పావులే తల్లీ" అంది. తిట్టి ఉంటే బాగుండేది. రిక్షా ఎక్కేటప్పుడు నాన్న ఆవిడ చెయ్యి పట్టుకోబోతే, మడి లేకపోయినా, చెయ్యి వెనక్కి తీసుకుంది.

మరిది ఊళ్ళో ఆవిడకు వాళ్ళు పశువుల సావిడి పక్క గది ఇచ్చారని తరవాత తెలిసింది. గుంటూరు ఎవరూ తీసుకెళ్ళలేదు. రెండేళ్ళకు పోయింది.

నాన్నకు ఆవిడంటే ఇష్టం లేకపోలేదు. అదే నాకు కడుపుమంట. ఆయనకు ఇంటికొచ్చే ఆఫీసర్లకు బల్ల మీద భోజనం పెట్టాలని ఉండేది, ఉల్లిపాయ కూర వడ్డించాలని ఉండేది. మడి ఉన్న వంటింట్లో అవి సాగవు. వెళ్ళిపొమ్మని అక్కతో అనలేక, అనడానికి ఒక కారణం కోసం చూశారు. ఆ కారణం నేనే తీసుకెళ్ళి చేతికిచ్చాను.

అత్తయ్య వెళ్ళిన ఎనిమిదో రోజు కొత్త వంటవాడు వచ్చాడు. ఏలూరు హోటల్లో చేసినవాడు, కళ్ళు నిక్షేపంగా ఉన్నవాడు. వాడు రెండురోజులు వండి, "కళ్ళల్లో కొడతన్నయ్యండి బాబుగారూ, ఆ దీపాలు" అన్నాడు. అంతే. ఆ మధ్యాహ్నమే వైరుమేను, వడ్రంగి వచ్చారు. బల్బులు ముందంచుకు మారాయి. వాటి ముందు నాలుగు వేళ్ళ టేకు చెక్క పడింది. రాతిపనివాడొకడు కూర్చుని రాయి మీద మెరుపంతా అరగదీశాడు. పొద్దు గూకకముందే పనైపోయింది.

స్విచ్చి వేశారు. బల్బు ఒక్కటీ కనపడలేదు. గట్టు మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎక్కడా నీడన్నది లేకుండా, మెత్తగా వెలిగింది. వైరుమేను నా మొహంలోకి చూడలేక పనిముట్లు సర్దుకుంటున్నాడు.

నాన్న గడప దాటి లోపలికెళ్ళి, వంటవాడి భుజం మీద చెయ్యి వేసి అడిగారు.

"ఏమోయ్, ఇప్పుడు బాగా కనపడుతోందా? ఇంకేమన్నా మార్చాలంటే మొహమాటపడకుండా చెప్పు."