అట్ట మీద వదలాల్సిన చోటు

మా పత్రిక జిల్లా పేజీలు తగ్గించుకున్నప్పుడు మొదట పోయిన ఉద్యోగం బొమ్మలేసే ఆయనది. ఇరవై ఏళ్లకు పైగా ఆయన నా డెస్కు పక్కనే కూర్చున్నాడు. వార్త చిన్నదై పేజీలో జాగా మిగిలితే, "మూడంగుళాలుంది, ఏదో ఒకటి వెయ్యి" అనేవాణ్ని. తెల్లగా వదిలితే ప్రకటనల వాళ్లు పట్టుకుపోతారు. అందుకని ఆయన కొమ్మో, కాకో, గొడుగో వేసి నింపేవాడు. చెయ్యి అట్లా అలవాటు పడింది. అలవాటు చేసింది నేనే.

రెండేళ్లు పనిలేక వడమాలపేటలో ఇంటిపట్టున ఉన్నాడు. తిరుపతిలో నాకు తెలిసిన ప్రచురణకర్త ఒకాయన వ్యక్తిత్వ వికాసం మీద ఆరు పుస్తకాలు వేస్తున్నానన్నప్పుడు ఈయన పేరు చెప్పినాను. మొదటి అట్ట కుదిరితే మిగతా ఐదూ ఈయనకే. ఈయన చేతిలో ఇంకే పనీ లేదు.

మొదటి పుస్తకం ఓడిపోయిన మనిషి మళ్లీ లేవడం గురించి. ప్రచురణకర్త ముందే చెప్పినాడు: "అన్నా, పైసగం నాకొదిలెయ్. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషు మాదిరి ఇరుకులో పట్టవు. ఫోన్లో గోరంత బొమ్మగా సూసినా పేరు కనపడాల."

ఈయన అరచేతంత కాగితాల మీద పెన్సిలుతో మూడు నమూనాలు వేసినాడు. మూడింటిలోనూ పేరు రావాల్సిన చోట డబ్బా గీసి వదిలినాడు. మొదటిది రాకెట్టు.

"పక్కనే శ్రీహరికోట ఉండాదని ప్రతివాడూ ఇదే ఏస్తాడన్నా," అన్నాడు ప్రచురణకర్త. రెండోది మెట్లు. దాన్ని చూడను కూడా లేదు. మూడోదాని దగ్గర ఆగినాడు. విరిగిన లేతమొక్క, దాని కాండానికి ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టు మాదిరి వెదురుబద్దలు, గుడ్డపీలికలు. కట్టు పైన ఒక్క చిగురు. అంతా కింద కుడిమూలన. పేరుకు గీసిన డబ్బా తప్ప పైన ఇంకేమీ లేదు.

"ఇది సూస్తే మావోళ్లకు ఎవరూ చెప్పే పన్లేదు," అన్నాడు.

రంగుల్లో పూర్తి చెయ్యడానికి వారం పట్టింది. ఐదోరోజు నేను వాళ్లింటికి పోయి చూసినాను. బాగుంది. పైన లేత పసుపు రంగు తప్ప, ఖాళీ ఖాళీగానే ఉంది. "ఇంగ ముట్టుకోవద్దబ్బా," అన్నాను.

"ముట్టుకోను లే. నువ్వా నాకు చెప్పేది? నీ మూడంగుళాలకు ఎన్ని కాకులేసినానో నాకు తెలుసు," అని నవ్వినాడు.

ప్రచురణకర్త ఆఫీసుకు తీసుకొచ్చిన రోజు గుడ్డ విప్పగానే నాకు అర్థమైంది. చిగురు మీద నుంచి ఒక కొమ్మ సాగింది. దానికి ఆకులు, ఆకుల మధ్య పిట్టలు, పైఅంచు దాకా. ఒక్కొక్కటీ ముచ్చటగా ఉంది. పేరుకు చోటు లేదు.

అక్షరాలు కూర్చే అమ్మాయి బొమ్మను స్కాన్ చేసి పేరు పెట్టింది. వత్తులు ఆకుల్లో కలిసిపోయినాయి. అక్షరాల చుట్టూ తెల్లగీత వేసి చూసింది, నీడ పెట్టి చూసింది. చిన్నది చేస్తే పిట్టలే ముందు కనపడినాయి.

"యాడ పెట్టాల సార్ నేను?" అంది, ఎవరివంకా చూడకుండా.

"నాలుగు దినాలియ్యప్పా, మళ్లీ ఏస్తాను," అన్నాడు ఈయన.

ప్రచురణకర్త అమ్మాయి వైపు చూసినాడు. ఆమె కంప్యూటర్లో పైభాగంలోని లేత పసుపు తీసుకుని ఆకుల మీద పూసుకుంటూ పోయింది. ఒక్కొక్క పిట్టే పోయింది. కాఫీ తాగినంత సేపట్లో కొమ్మ మొత్తం పోయి, నేను ఐదోరోజు చూసిన అట్టే మళ్లీ వచ్చింది. పేరు దాని మీద నిబ్బరంగా కూర్చుంది.

అది బాగుంది. అక్కడున్న నలుగురికీ తెలుసు.

"అన్నా, ఏమీ అనుకోవద్దు. దీనికి నీ పేరే ఏస్తాము. మిగిలిన ఐదూ పాప ఈడనే చేసేస్తాది," అన్నాడు ప్రచురణకర్త. కటువుగా అనలేదు. అనివుంటే కనీసం పోట్లాడే వీలుండేది.

బస్సు కోసం నిలబడినప్పుడు అడిగినాను, ఎందుకు నింపినావని.

"తెచ్చే ముందు గోడకానిచ్చి సూసినాను. పైన అంత ఖాళీ. పని సగంలో వదిలేసి డబ్బులు తీసుకున్నట్లు అనిపించింది," అన్నాడు. తర్వాత తనే, "నాలుగు దినాలిచ్చినా ఇంతేబ్బా. మళ్లీ నింపుతాను," అన్నాడు.

వడమాలపేట మీదుగా పోయే పుత్తూరు బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన సీటున్నా లోపలివైపు కూర్చున్నాడు.

పుస్తకం అచ్చయినాక ఒక ప్రతి తీసుకుపోయి ఇచ్చినాను. అట్ట చూడకుండా తిప్పి, వెనకవైపు రాసిందంతా చదివినాడు. కష్టపడితే ఎవరైనా మళ్లీ లేవొచ్చని రాసుంది. చదివి, "ఎన్ని కాపీలు ఏసినారంట?" అని మాత్రం అడిగినాడు. నాకు తెలియదన్నాను. తర్వాత ఇద్దరం చాలాసేపు వాన పడలేదని మాట్లాడుకున్నాం.