అడుగున మిగిలిన ఖాళీ

శ్రీకాకుళంలో కోర్టు గోడ పక్కన నేను స్టాంపు పేపర్లు అమ్ముతాను. నా బల్లకు ఆనుకుని ముప్పై ఏళ్లు కాగితాలు కొట్టినవాడు జగన్నాధం. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. ఆ పెట్టె కొన్నాక మా వాడికి కాస్త గర్వం వచ్చిన మాట నిజం. నేను ఏడిపించేవాణ్ణి కూడా.

టైపు మిషను రోజుల్లో అతనికో పద్ధతి ఉండేది. పేజీ అడుగున రెండు వేళ్ల ఖాళీ మిగిలినా సరే, పెన్ను తీసి అడ్డంగా ఒక గీత కొట్టేవాడు. సంతకం పైన ఖాళీ వదలకూడదన్నది మా దగ్గర చంటిపిల్లాడికైనా తెలిసిన మాట.

కంప్యూటరులో అద్దె కాగితాలన్నిటికీ ఒకే ఫైలు వాడేవాడు. పాత పేర్లు చెరిపి కొత్త పేర్లు కొట్టి, దాని మీదే సేవ్ చేసేవాడు. ఎవడో కుర్రాడు తయారుచేసిచ్చిన ఆ ఫైలులో ఒక జబ్బుంది. స్థలం హద్దులు రాసే పేరా మొదటి పేజీలో పట్టకపోతే ఒక్క ముక్క కూడా అక్కడ ఆగదు. మొత్తంగా రెండో పేజీకి దూకుతుంది. జగన్నాధం ఎంటర్లు చెరిపేవాడు, బ్యాక్‌స్పేస్ కొట్టేవాడు, తిట్టేవాడు. ఖాళీ కదిలేది కాదు.

2012లో గున్నమ్మ వచ్చింది. బీచి ఒడ్డున చేపలెండబెట్టుకునే ఆరు సెంట్లు ఆమెకున్న ఒకే ఆస్తి. సూరయ్య అనే ఐసు వ్యాపారి షెడ్డు కోసం పదకొండు నెలలకు అడిగాడు. ఆ రోజు పేరా మళ్లీ దూకింది. మొదటి పేజీ అడుగున అరచెయ్యంత తెల్లగా మిగిలింది. జగన్నాధం పెన్ను తీశాడు. సూరయ్య నవ్వి, స్టాంపు కాగితం మీద ఆ గీతలేమిటి, అసహ్యంగా ఉండదూ అన్నాడు. జగన్నాధం పెన్ను జేబులో పెట్టేశాడు. గున్నమ్మ ఆ ఖాళీ కింద వేలిముద్ర వేసింది. నేను సాక్షి సంతకం పెట్టాను. ఒక్క మాటైనా అనలేదు, నా నోరు పడిపోను.

అసలు కాగితం సూరయ్య తీసుకున్నాడు. జెరాక్సు తీయించుకోమ్మా అన్నాను గున్నమ్మతో. కాగితం దాచడం నాకు రాదు, నీ దగ్గరుంచు బాబూ అందామె జగన్నాధంతో.

“నా కంప్యూటర్లో ఉంటాదిలే, ఎక్కడికి పోతాది?” అన్నాడు.

మర్నాడే ఆ ఫైలులో ఇంకొకరి పేర్లు కొట్టాడు.

పదకొండు నెలలు దాటాక గున్నమ్మ ఖాళీ చేయమంటే సూరయ్య కాగితం చూపించాడు. ఖాళీ ఉన్నచోట మూడు వరుసలున్నాయి: గడువు ముగిసినా ఇరవై ఏళ్లు స్థలం ఖాళీ చేయమని అడగను అని. అక్షరం అదే, సైజు అదే, కింద ఆమె వేలిముద్ర. అచ్చయిన కాగితాన్నే మళ్లీ ప్రింటరులో పెట్టి తీశారు, అంతే.

గున్నమ్మ వేసిన కేసు నాలుగేళ్లు నడిచింది. జగన్నాధం బోనెక్కి, అక్కడ ఖాళీ ఉండేదని ప్రమాణం చేసి చెప్పాడు. అవతలి వకీలు ఒకటే అడిగాడు: ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడివి, కింద విషయం మిగిలి ఉండగా పేజీలో అంత చోటు ఎందుకు వదిలావు?  ఖాళీ ఎందుకొస్తుందో మా వాడికే తెలియదు. దానంతటదే వస్తుందండీ అన్నాడు. కోర్టులో నవ్వారు. నేనూ అదే మాట చెప్పాను, నన్నూ నమ్మలేదు. గున్నమ్మ ఓడిపోయింది.

తీర్పు వచ్చిన వారానికి మా వరసలో తాయారు డీటీపీ షాపు తెరిచింది. తన ప్రింటరు పాడై, జగన్నాధం ఆ ఫైలులోనే కొట్టిన ఇంకేదో అద్దె కాగితం ఆమెతో ప్రింటు తీయిస్తుంటే అదే ఖాళీ వచ్చింది. ఆమె ఆ పేరా మీద క్లిక్ చేసి, పేరాగ్రాఫు సెట్టింగుల్లో పేజీ బ్రేకుల వరస తెరిచింది. పేరాను కొత్త పేజీలో మొదలుపెట్టే పేజ్ బ్రేక్ బిఫోర్ దగ్గర టిక్కు లేదు. కీప్ లైన్స్ టుగెదర్ దగ్గర ఉంది. ఆ టిక్కుంటే పేరా చీలదని, పట్టకపోతే మొత్తం కిందికి పోతుందని చెప్పి టిక్కు తీసేసింది. పేరాలో పై వరుసలు మొదటి పేజీలోకి ఎక్కి ఖాళీ నిండిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

 ఆ ఫైలు నాలుగేళ్లూ జగన్నాధం బల్ల మీది కంప్యూటర్లోనే ఉంది. జడ్జిగారి ముందు తెరిచి చూపిస్తే వకీలు ప్రశ్నకు అదే జవాబు. అప్పీలు వేద్దామన్నాను. వినిపించుకోలేదు. మర్నాడు ఇద్దరం గున్నమ్మ దగ్గరికి వెళ్లాం. తారురోడ్డు అంచున చేపలు ఆరబెట్టుకుంటోంది. లారీ వచ్చినప్పుడల్లా దుమ్ము వాటి మీద పడుతోంది. అతను అంతా చెప్పాడు. అప్పీలు మాట నేనెత్తితే, ఇంక కోర్టు మెట్లెక్కే ఓపిక లేదంది. తర్వాత అతని వైపు తిరిగింది.

“ఈ ముక్క ఆ బోనులో సెప్పుంటే నా సోటు నాకొచ్చీదా బాబూ?”

అబద్ధమాడతాడనే అనుకున్నాను. ఆడమని మనసులో వేడుకున్నాను కూడా.

“వచ్చీదే అమ్మా” అన్నాడు.

ఆమె వంగి చేపలు తిరగేస్తూ ఉండిపోయింది.