మూడో గడి నుంచి పోయే బాణం

డెబ్బైల చివర్లో ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. కొలతలన్నీ కాగితపు టేపు మీద రంధ్రాలుగా వచ్చేవి. రంధ్రం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. టేపు మొదట్లో 1011 అనే గుర్తు కనబడకపోతే ఆ టేపు చెల్లదు. టేపు వెనక్కి తిరగదు కాబట్టి, గుర్తు ఎంతవరకు కుదిరిందో గుర్తుంచుకునే ఆటోమాటన్, అంటే గడులూ బాణాల పటం ఒకటి, గీశాను. సున్నా నుంచి నాలుగు దాకా ఐదు గడులు. అంకె కుదిరితే ముందు గడికి, కుదరకపోతే సున్నాకి. నాలుగు చేరితే దొరికినట్టే, ఇక కదలక్కర్లేదు. గీసి మీసం మెలేశాను కూడా.

టేపుల మీద ఆ రంధ్రాలు కొట్టేవాళ్లలో ఒకామె నాచారం నుంచి వచ్చేది. తాత్కాలిక ఉద్యోగం, ఆ ఏడాది పర్మనెంట్ కావాల్సింది. మిగతావాళ్లు టేపు మొదట్లో ఖాళీ వదిలేవాళ్లు. ఆమె మాత్రం సూది సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి 10ని ఒకసారో, రెండుసార్లో, మూడుసార్లో కొట్టి, తర్వాత గుర్తు కొట్టేది. ఆమె టేపులు కొన్ని చెల్లేవి, కొన్ని చెల్లేవి కావు.

"గుర్తు కొట్టిన సార్. మీ ప్రోగ్రాము జర సూడున్రి," అంది ఒకరోజు.

నాకు ఒళ్లు మండింది. "మిగతావాళ్లవి ఎలా చెల్లుతున్నాయమ్మా?" అన్నాను. ఆ నెలలోనే మా ఆఫీసు పెద్దసారు 'పనిలో అజాగ్రత్త' అని కాగితం రాసిచ్చి ఆమెను తీసేశారు.

కొన్ని నెలలకు లైబ్రరీలో ఫెయిల్యూర్ లింకుల గురించి ఒక వ్యాసం చదివాను. కుదరనప్పుడు అంతా మరిచిపోకూడదు. కుదిరిన ముక్క చివర్లో గుర్తులోని మొదటి అంకెలేమైనా మిగిలాయా చూసి, అక్కడికి దిగి, అదే అంకెను మళ్లీ చూడాలి. 101 తర్వాత సున్నా వస్తే, చివరి 1 మిగులుతుంది. ఒకటో గడికి దిగి ఆ సున్నానే చూస్తే 10 అవుతుంది, అంటే రెండో గడి. మూడో గడి నుంచి సున్నా బాణం నేరుగా రెండుకి పోవాలి. నేను సున్నాకి పంపాను.

ఆమె టేపును కాగితం మీద నడిపి చూశాను. ఆమె 10 ఒక్కసారి కొడితే టేపు మొదలు 101011. నా ఆటోమాటన్ 101 చూసి, సున్నా రాగానే మొదటికెళ్లి, మిగిలిన 11 చూసి గుర్తు లేదంది. రెండుసార్లు కొడితే దొరికేది, మూడుసార్లు కొడితే మళ్లీ పోయేది. బాణాలు సరిచేసి బీరువాలోని ఆమె పాత టేపులు ఎక్కించాను. అన్నీ చెల్లాయి.

ఆదివారం నాచారంలో ఆమె ఇంటికి వెళ్లాను. అప్పుడే చర్చి నుంచి వచ్చింది. తప్పు నాదేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"పెద్దసారుకు జెప్పిన్రా?"

"రేపు చెప్తాను."

"ఆ కాగితం మీద రాసింది కొట్టేపియ్యున్రి సార్. యాడికి వోయినా గదే అడుగుతున్రు."

సోమవారం పెద్దసారు గదిలోకి వెళ్లాను. ఏమిటయ్యా అన్నారాయన. సరిచేసిన పటం ఆయన బల్ల మీద పెట్టాను.

"ఆటోమాటన్ కొంచెం మెరుగుపరిచాను సార్," అన్నాను.

శభాష్ అన్నారు. థాంక్యూ సార్ అని బయటికొచ్చాను. తర్వాత నాచారం వైపు వెళ్లలేదు.